రెక్కల కష్టం ఎవరి పాలు?

మాస్టారు: పొద్దున్నే పేపరు మొదటి పేజీని ఫోన్‌తో ఫోటో తీసి ఖరగ్‌పూర్‌కో భిలాయికో పంపడం శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో కొత్త సంగతి కాదు. రైలు పనికీ ఉక్కు పనికీ వెళ్లి అక్కడే స్థిరపడిన మనవాళ్ల పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. పెద్దక్షరాల శీర్షిక కనిపిస్తుంది. ఇదేమిటని అడుగుతారు. జవాబు ఎలా ఇవ్వాలన్నదే మన తగువు. నా మాట సూటిగా చెబుతాను. శీర్షికలో ఎన్ని మాటలున్నాయో అన్నింటికీ అర్థం చెప్పాలి. మాటలు చెప్పకుండా సారం మాత్రం చెబితే, ఆ పిల్లవాడికి అందేది పత్రిక రాసింది కాదు, మనం అనుకున్నది. మనకు నచ్చని పార్టీ గురించి ఒక రకంగా, నచ్చిన పార్టీ గురించి ఇంకో రకంగా సారం తీస్తాం. మాటకు మాట చెప్పేవాడు అంత తేలిగ్గా మోసం చేయలేడు. వినేవాడి చేతిలో ముడిసరుకు ఉంటుంది, దాన్ని పట్టుకుని ఎదురు ప్రశ్న వేయగలడు. సారం మాత్రమే విన్నవాడు తల ఊపడం తప్ప చేయగలిగింది లేదు.

సబ్‌ఎడిటర్: మీ భయం సరైనదే మాస్టారూ. మీరు చెప్పిన మందుతో అది పోదన్నదే నా వాదన. ఒక శీర్షిక మీద పెట్టి చూద్దాం. ఇది వాదం కోసం నేను కట్టుకున్నది, ఏ పత్రికలోంచీ తీసింది కాదు. వెనకున్న సంగతి మాత్రం నిజం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ మర్నాటి మొదటి పేజీకి నేను పెట్టే శీర్షిక "రెక్కల కష్టం తిత్లీ పాలు". ఇప్పుడు దీన్ని హిందీలోకో ఒడియాలోకో మాటకు మాట మార్చండి. రెక్కలంటే పక్షి రెక్కలు. కష్టమంటే బాధ. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలుక. పాలంటే తాగే పాలు. నాలుగు మాటలకూ నిఘంటువులో దొరికే అర్థమే చెప్పారు, ఎక్కడా అబద్ధమాడలేదు. అయినా ఖరగ్‌పూర్ కుర్రవాడి చెవిలో పడింది సీతాకోకచిలుక పాల గురించి ఏదో. కూలిన కొబ్బరి చెట్టు ఆ నాలుగు అర్థాల్లో ఎక్కడా లేదు. ఎదురు ప్రశ్న వేయడానికి కూడా అతనికి ఏదీ దొరకలేదు. ముడిసరుకు ఇచ్చామని మనం అనుకుంటున్నాం కానీ, ఇచ్చింది సరుకే కాదు.

మాస్టారు: పాలను తాగే పాలని చెప్పింది తెలుగు రానివాడి మాటకు మాట. నేనడిగేది తెలుగు వచ్చినవాడి మాటకు మాట. ఇక్కడ పాలంటే వాటా, వంతు. ఇద్దరన్నదమ్ములు చెరి సగం పాలు పంచుకున్నారంటాం. దగ్గరి దాయాదుల్ని పాలివాళ్లంటాం. కాబట్టి తిత్లీ పాలు అంటే తిత్లీ వంతుకు పోయిందని. ఈ ఒక్క మాట కుర్రవాడికి చెప్పండి, రేపు నీటి పాలు అన్నా, బూడిద పాలు అన్నా, దొంగల పాలు అన్నా ఇంకొకర్ని అడగక్కర్లేదు. రెక్కలన్నదీ అంతే. తెలుగులో మనిషి చేతులకూ రెక్కలనే పేరు ఉంది, రెక్క పట్టుకుని లాగాడంటాం. రెక్కాడితేగానీ డొక్కాడదన్న సామెత ఆ అర్థం మీదే నిలబడింది. సారం చెప్పి వదిలేస్తే ఆ ఒక్క వార్త మాత్రమే తెలుస్తుంది. మాట చెబితే వంద వార్తలకు దారి తెలుస్తుంది. పైగా ఈ పిల్లలు పరాయివాళ్లు కాదు. ఇంట్లో తెలుగు వింటూ పెరిగినవాళ్లు. వాళ్లకు దక్కాల్సిన మాటల్ని మీరు మధ్యలో నిలబడి సంక్షిప్తం చేస్తానంటే నేను ఒప్పుకోను.

సబ్‌ఎడిటర్: మీరిప్పుడు చేసింది మాటకు మాట కాదని గమనించారా? పాలు అన్న మాటను విడిగా తీసి అర్థం చెప్పలేదు. నీటి పాలు, బూడిద పాలు, దొంగల పాలు అని ఒక వరస చెప్పారు. ముందు ఒక పేరు, దాని పక్కన పాలు, చివర చెప్పకుండా వదిలేసిన "అయింది". ఈ మొత్తం అచ్చుకు ఒకే అర్థం, చేతికి రావలసింది చెయ్యి జారి ఫలానా దాని వాతపడిందని. అచ్చును అచ్చుగా అప్పగించడమే నేను అడిగేది. రెక్కల కష్టం కూడా రెండు మాటల జంట కాదు, ఒకే మాట. ఒంటి చాకిరీతో సంపాదించింది అని దాని అర్థం. ఈ జంటను విడదీసి కష్టమంటే బాధ అని చెబితే తప్పు. ఇక్కడ కష్టమంటే శ్రమ, ఆ శ్రమ ఫలం. ఇక శీర్షికలో లేనిదాన్ని మాటకు మాట ఎలా చెబుతాం? డెస్కులో కాలమ్ వెడల్పు చాలక క్రియను తీసేస్తాం, విభక్తిని తీసేస్తాం, ఎవరి కష్టమో చెప్పే మాటను ఉపశీర్షికలోకి తోసేస్తాం. తెలుగు పాఠకుడు వాటిని తనే పూరించుకుంటాడు. చదవలేనివాడికి ముందు కావలసింది ఆ పూరణే. అందుకే నేను చెబితే ఇలా చెబుతాను. "ఉద్దానం రైతులు ఏళ్ల తరబడి చాకిరీ చేసి పెంచుకున్న తోటలు తుపానుకు పోయాయి. తెలుగులో చేతులకూ, పిట్టల రెక్కలకూ ఒకే మాట. తుపాను పేరు సీతాకోకచిలుక. రెక్కలున్న తుపాను మనిషి రెక్కల కష్టాన్ని తినేసిందని శీర్షిక అంటోంది." అందులో మీ రెక్కలూ ఉన్నాయి, మీ పాలూ ఉంది. అవి వచ్చిన వరస మాత్రం వేరు. ముందు జరిగింది వచ్చింది, మాటలు ఆ తర్వాత వచ్చాయి.

మాస్టారు: వరస మారిస్తే సరిపోతుందంటే అంతవరకు ఒప్పుకుంటాను. కానీ మీ వివరణలో ఒకటి నన్ను ఆపుతోంది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని ఉద్దానంలో ఎంతమందికి తెలుసు? ఆ పేరు పాకిస్తాన్ సూచించింది, జాబితా ప్రకారం వంతు వచ్చి ఇక్కడ పడింది. వజ్రపుకొత్తూరులో తోట పోగొట్టుకున్నవాడికి తిత్లీ అంటే తుపాను, అంతే. మీరు చెప్పిన రెక్కల చమత్కారం అతనికి అందలేదు. హిందీ తెలిసిన ఖరగ్‌పూర్ కుర్రవాడికేమో మొదట అదే అందుతుంది. అంటే ఏ శీర్షికను వివరిస్తున్నట్టు మీరు? ఊళ్లో చదివినదాన్నా, దూరాన చూసినదాన్నా?

సబ్‌ఎడిటర్: చమత్కారం ఎవరికి ఎంత అందుతుందన్నది కూడా వివరణలో భాగమే అంటాను. హిందీ వచ్చినవాడితో "నీకు సీతాకోకచిలుక కనిపిస్తోంది కదా, ఊళ్లో చాలామందికి అది కనిపించదు, వాళ్లు ఇందులో చదివేది తోట పోయిందన్న మాటే" అని చెప్పాలి. అది చెప్పకపోతే ఊరంతా తుపాను పేరుతో ఆడుకుంటోందని అతను అనుకుంటాడు. మాటకు మాట చెప్పే పద్ధతిలో ఈ సంగతికి చోటే లేదు. మాట ఎదురుగా అర్థం ఉంటుంది, ఆ అర్థం ఎవరి చెవికి చేరిందన్న గడి ఉండదు.

మాస్టారు: సరే, మీకు అనుకూలమైన శీర్షిక మీరు కట్టారు. ఇప్పుడు నేనొకటి కడతాను. "ఆయకట్టు ఆశలకు గండి". గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార ఎడమ కాలువ మీద బతికే ఊళ్ల గురించి అనుకుందాం. మీ లెక్కన ఇదొక అచ్చు. ఖజానాకు గండి, ఆదాయానికి గండి అని ఊరికే రాస్తారు కాబట్టి, రైతుల ఆశలు వమ్మయ్యాయని సారం చెప్పి ముగిస్తారు. కానీ ఇక్కడ కాలువ గట్టు నిజంగానే తెగి ఉండొచ్చు. పొలాల మీద నీరు పారుతుండొచ్చు. గండి అన్న మాటను మాటగా చెబితే కుర్రవాడు వెంటనే "గట్టు ఎక్కడ తెగింది, మన పొలం ఏమైంది" అని అడుగుతాడు. జాతీయం అంటూ మీరు దాన్ని అరగదీసి ఇస్తే ఆ ప్రశ్నే పుట్టదు. పొలం ఉన్నవాడికి ఇది అలంకారం కాదమ్మా, ఆ పూట ఇంటికి ఫోన్ చేయాలా వద్దా అన్న సంగతి. నది పక్క జిల్లాల్లో గండి, వరద, గట్టు, ఊబి వంటి మాటలు ఇంకా బతికి ఉన్నవే. వీటిని జాతీయాల్లో కలిపేసి చంపేసే హక్కు ఎవరికీ లేదు.

సబ్‌ఎడిటర్: ఇది నా వాదానికి నిజంగా తగిలే దెబ్బ. ఒప్పుకుంటున్నాను. జాతీయమని ముద్ర వేయగానే మాట లోపలి బొమ్మ చచ్చిపోయిందనుకోవడం తప్పు. "అధికారులు చేతులెత్తేశారు" అన్నప్పుడు ఎవరి చేతులూ లేవలేదని తెలుసు, దాన్ని మొత్తంగానే చెప్పొచ్చు. గండి అలా కాదు. అయితే గట్టు తెగిందా లేదా అన్నది గండి అన్న మాట చెప్పదు మాస్టారూ. ఆ మాటను వంద రకాలుగా విడదీసినా చెప్పదు. అది చెప్పేది ఫోటోలో శీర్షిక కింద ఉన్న చిన్నక్షరాలు. ముందు డేట్‌లైన్ చూడాలి. వార్త హిరమండలం నుంచి వచ్చిందా, అమరావతి నుంచి వచ్చిందా అన్నదాంతోనే సగం తేలుతుంది. కాలువ దగ్గరి ఊరి పేరుంటే గట్టు సంగతి కావచ్చు, రాజధాని పేరుంటే నిధుల సంగతి కావచ్చు. తర్వాత ఇంట్రో, అంటే మొదటి పేరా. తర్వాత బొమ్మ కింది వాక్యం. ఇవి చదివాకే శీర్షిక మీదికి రావాలి. గట్టు తెగితే రెండూ చెప్పాలి, "కాలువకు నిజంగానే గండి పడింది, దాన్నే ఆశలకూ అంటగట్టి రాశారు" అని. తెగకపోతే "నీళ్లు రావడం లేదు, గట్టుకు ఏమీ కాలేదు" అని విప్పి చెప్పాలి. అంటే నా నియమాన్ని కొంచెం మార్చుకుంటున్నాను. జాతీయాన్ని ఒక ముక్కగా చెప్పాలి, కానీ ఆ వార్తలో దాని బొమ్మ నిజంగా జరిగిందేమో కనుక్కున్న తర్వాతే.

మాస్టారు: మీరు చిన్నక్షరాలంటున్నారు. వచ్చే ఫోటోల్లో అవి ఉంటేనా? పేపరు సగానికి మడిచి ఉంటుంది, ఆ మడత సరిగ్గా బ్యానర్ మీద పడుతుంది. సగం ఫోటోల్లో పెద్దక్షరాలు తప్ప ఏవీ చదవడానికి రావు. వార్త మిగతాది తరువాయి 7లో ఉంటుంది, ఆ పేజీ ఎవరూ పంపరు. అప్పుడు సారం పట్టేవాడు ఏం చేస్తాడు? ఊహిస్తాడు. ఊహించే కన్నుకు అలవాటైన మాటే కనిపిస్తుంది. ఇంకో శీర్షిక కడతాను చూడండి. పొందూరు ఖద్దరు మీద వార్త. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, సన్నని నూలు తీసే ఆడవాళ్లు పెద్దవాళ్లయిపోయారు, కూతుళ్లు ఆ పని పట్టడం లేదు. శీర్షిక "తెగుతున్న పోగుబంధం". ఫోటో కాస్త కదిలింది. పో అన్న అక్షరానికీ పే అన్న అక్షరానికీ తేడా తల మీదుండే చిన్న వంపే. సారం పట్టేవాడు దాన్ని "తెగుతున్న పేగుబంధం" అని చదువుతాడు, ఎందుకంటే అతనికి తెలిసిన మాట అది. తల్లీకూతుళ్ల గొడవ, కన్నవాళ్లను వదిలేసిన పిల్లలు అని కథ చెప్పేస్తాడు. కింద రాట్నం ముందు కూచున్న ముసలమ్మ బొమ్మ ఉంటే ఆ కథ ఇంకా బాగా అతుకుతుంది. అక్షరం అక్షరం చూసుకుంటూ, మాట మాట చెప్పుకుంటూ వెళ్లేవాడే పోగు దగ్గర ఆగుతాడు. అందుకే నా పద్ధతి నిదానంగా నడుస్తుంది. ఆ నిదానమే దాని కాపలా.

సబ్‌ఎడిటర్: చదవడంలో మీ నిదానం నాకూ కావాలి. కానీ చదవడం వేరు, చెప్పడం వేరు. చదివేటప్పుడు అక్షరం కూడా వదలకూడదు. చెప్పేటప్పుడు ఆ నడకంతా వినేవాడి నెత్తిన పెట్టక్కర్లేదు. మీ శీర్షికనే తీసుకోండి. సరిగ్గా పో అని చదివి, మాటకు మాట చెప్పారనుకుందాం. పోగంటే దారం, బంధమంటే ముడి, తెగుతున్న దారపు ముడి. వినేవాడు నూలు తెగిందనుకుంటాడు, మగ్గం దగ్గర రోజూ తెగేదే కదా అనుకుంటాడు. పేగుబంధం అన్న మాట శీర్షికలో అచ్చు కాలేదు, అయినా శీర్షిక బలమంతా అచ్చు కాని ఆ మాటలోనే ఉంది. పేగును పోగు చేసి, తల్లి నుంచి కూతురికి రావలసిన విద్య ఈ తరంతో ఆగిపోతోందని ఉపసంపాదకుడు ఒక్క గుణింతంతో చెప్పాడు. లేని మాటకు మాటకు మాట ఎలా చెబుతారు? దీన్ని చెప్పాలంటే "కన్నతల్లికీ బిడ్డకూ ఉండే బంధాన్ని తెలుగులో పేగుతో చెబుతారు, ఇక్కడ ఒక అక్షరం మార్చి దాన్ని నూలు దారం చేశారు, తల్లుల చేతి పని కూతుళ్లకు అందడం లేదన్నది వార్త" అనాలి. తెలుగు చెవి ఉండి చదవడం రానివాడికైతే ఇంకా తేలిక. పోగుబంధం అని గట్టిగా పలికి వినిపించి, ఇంకేదైనా మాట గుర్తొస్తోందా అని అడిగితే చాలు, పేగు తనే చెబుతాడు. ఒడియా మాత్రమే వచ్చినవారికి మాత్రం ఆ దాగిన మాటను మనమే బయటికి తీసి చూపించాలి.

మాస్టారు: గట్టిగా పలికి వినిపించమన్నారే, అది నాకు నచ్చింది. నేను మాటలు దక్కాలన్నది అందుకే. కానీ అందులోనే ఒక చిక్కుంది. కనిపించని మాటను పట్టడానికి అలవాటైతే, లేని చమత్కారాన్ని కూడా పడతాం. ప్రతి శీర్షికలో ఏదో దాగుందని వెతుకుతాం. ఆ మాట ఉపసంపాదకుడు నిజంగా ఉద్దేశించాడని మీకేం తెలుసు?

సబ్‌ఎడిటర్: డెస్కు వదిలే ఆనవాళ్లు ఉంటాయి. చమత్కారం ఉన్న మాటను చాలాసార్లు ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య పెడతాం, లేదా ఆ ఒక్క మాటకు ఎరుపు వేస్తాం. అయితే ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటుంది. ఒంటి కొటేషన్ గుర్తుతో మా పత్రికలు మూడు పనులు చేయిస్తాయి. 'తిత్లీ' అని పెట్టింది అది పేరని చెప్పడానికి. 'అక్రమం' అని పెట్టింది ఆ మాట మాది కాదు, ఆరోపించినవాళ్లదని చెప్పడానికి. 'ఏటి' కష్టం అని పెట్టింది అందులో రెండు అర్థాలున్నాయని చెప్పడానికి. మూడింటికీ గుర్తు ఒకటే. ఎవరో అన్నమాటను చమత్కారమనుకుంటే ఆరోపణ కాస్తా వేళాకోళమైపోతుంది. పేరును ఆరోపణ అనుకుంటే అర్థమే ఉండదు. వార్తలో ఆ మాట మళ్లీ వస్తుందేమో, ఎవరి నోట వస్తుందో చూస్తే తేలుతుంది. ఫోటో మసకగా ఉండి గుర్తు కనిపించకపోయినా, రంగు పోయి నలుపు తెలుపుల్లో వచ్చినా, నాకు గట్టి పరీక్ష ఒకటే. దాగిన మాట వార్త విషయానికి అతకాలి. అతక్కపోతే అది మన ఊహ, చెప్పకూడదు.

మాస్టారు: 'ఏటి' కష్టం అన్నారు. దాన్ని విప్పండి.

సబ్‌ఎడిటర్: నాగావళి పొంగి ఏటి ఒడ్డు ఊళ్లు మునిగాయనుకోండి. ఏరు అన్న మాట ఏటి అవుతుంది, ఏటి కష్టమంటే నది తెచ్చిన కష్టం. మన వైపు ఏటి అంటే ఏమిటి అని కూడా. "ఏటీ కష్టం!" అని ఊళ్లో ఆడది నెత్తి కొట్టుకున్నట్టు వినిపిస్తుంది. శీర్షిక ఒకటే, ఏరూ ఉంది, ఏడుపూ ఉంది. గుంటూరు పాఠకుడికి ఇందులో నది ఒక్కటే దొరకొచ్చు. ఆమదాలవలస పాఠకుడికి రెండూ ఒక్కసారే దొరుకుతాయి. మాటకు మాట చెప్పాలంటే ఈ రెండింట్లో ఒకదాన్ని ఎంచుకోవాలి, రెండోది పోతుంది. నేనైతే "నది పొంగి ఊళ్లు మునిగాయి, నదిని చెప్పే ఆ మాటనే మనవాళ్లు 'ఇదేం కష్టం' అనడానికి కూడా వాడతారు" అని చెబుతాను. ఖరగ్‌పూర్ పిల్లవాడికి ఇంత కూడా అక్కర్లేదు. వాళ్ల ఇంట్లో అమ్మమ్మ అలాగే అంటుంది.

మాస్టారు: మీరింత చెప్పాక నా అసలు అభ్యంతరం చెబుతాను. అది పద్ధతి గురించి కాదు, మర్యాద గురించి. ఊరు మునిగి జనం గట్టు మీద కూచుంటే, వాళ్ల యాసతో ఒక చమత్కారం కట్టి పెద్దక్షరాల్లో వేయడం నాకు మింగుడు పడదు. దాన్ని మీరు ఇంకో భాషలో ఇంత విపులంగా విప్పి చూపితే, ఒడియా మాత్రమే వచ్చినవాడికి మిగిలేది ఏమిటి? తెలుగువాళ్లు శవాల ముందు కూడా మాటలతో ఆడుకుంటారన్న అభిప్రాయమే. ఇక యాస సంగతి. సినిమాల్లో మన యాసను నవ్వులాటకే వాడి వాడి, ఏటి అనగానే పక్క జిల్లాల వాళ్లకు నవ్వొస్తుంది. మీ వివరణ ఆ నవ్వును ఇంకో భాషకు కూడా మోసుకెళుతుంది. మాటకు మాట పద్ధతికి ఈ పాపం అంటదు. అది పొడిగా ఉంటుంది, కానీ ఎవర్నీ నవ్వించదు.

సబ్‌ఎడిటర్: అలాంటి శీర్షికలన్నీ వేయదగ్గవేనని నేను అనను. కొన్ని వేయకూడనివి. ప్రాణాలు పోయిన రోజున మాటతో ఆట కట్టడం తప్పే, ఆ తప్పు మా డెస్కులదే. అయితే ఏడుపులో మాట విరవడం తెలుగులో వెక్కిరింత కానక్కర్లేదు. మన ఆడవాళ్లు శోకాలు పెట్టేటప్పుడు ప్రాసలు పడతాయి, ఒక మాట మీద ఇంకో మాట వాలుతుంది, ఎవరూ అది పరిహాసమనుకోరు. శీర్షికలో మాట విరుపు కొన్నిసార్లు ఆ జాతిదే. దాన్ని ఇంకో భాషకు చెప్పేటప్పుడు "ఇది నవ్వడానికి రాసింది కాదు, బాధ చెప్పడానికి రాసింది" అన్న ఒక్క వాక్యం కలపాలి. ఆ వాక్యం శీర్షికలో ఏ మాట దగ్గరా దొరకదు కాబట్టి మాటకు మాట చెప్పేవాడు దాన్ని ఎప్పటికీ చెప్పడు. మీరనుకున్నట్టు పొడితనం మర్యాద కాపాడదు. తేలని మాటను వినేవాడు తనకు తోచిన గొంతుతో వింటాడు, ఎక్కువసార్లు అది తప్పు గొంతు. వెటకారంగానే రాసి ఉంటే అదీ దాచకూడదు. "ఇక్కడ మంత్రిని ఎత్తిపొడుస్తున్నారు" అని చెప్పేయాలి. గొంతు చెప్పకపోతే సగం వార్త చెప్పనట్టే.

మాస్టారు: గొంతు ఏదో తేల్చేది కూడా మళ్లీ మీరే. నేను మొదట చెప్పిన భయం అక్కడే ఉంది, కదల్లేదు. మన జిల్లావాడే గిడుగు రామమూర్తిని తలచుకోండి. పర్లాకిమిడిలో ఉండి సవరల మాట నేర్చి, 1938లో నిఘంటువు వేశారు. మాటకు అర్థం, అర్థానికి మాట. తన తర్వాత వచ్చేవాడు తనను నమ్మక్కర్లేకుండా మాటల్ని చేతికిచ్చి పోయారు. వ్యావహారిక భాష కోసం అంతగా పోరాడిన మనిషి కూడా సారం చాలనుకోలేదు.

సబ్‌ఎడిటర్: ఆ నిఘంటువుకు ఏడేళ్ల ముందు, 1931లో ఆయన సవర భాషకు ఒక మాన్యువల్ వేశారు. మాటలు వాక్యాల్లో ఎలా నడుస్తాయో చెప్పే పుస్తకం అది. కథలు, పాటలు సేకరించారు. మీరు చెప్పిన నిఘంటువు ఆ తర్వాత అచ్చయింది. వరస గురించి నేను చెబుతున్నది దానికి దూరం కాదు. భాషాశాస్త్రజ్ఞులు కూడా తెలియని భాష వాక్యాన్ని మూడు వరసల్లో రాస్తారు. పైన మూలం, దాని కింద మాటకు మాట, అడుగున మామూలు వాక్యం. అడుగు వరస లేకుండా ఎవరూ వదలరు. మీరు రెండో వరస కావాలంటున్నారు. కావాలంటే తప్పకుండా ఇద్దాం, అడిగినవాడికి ఇద్దాం. మూడో వరస మాత్రం అడక్కుండానే ఇవ్వాలి, ముందే ఇవ్వాలి. మీ భయానికి నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. నేను చెప్పిన సారానికి ఆధారం పేజీలో ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాను. ఈ సంగతి ఇంట్రోలో ఉంది, ఈ ఊరు డేట్‌లైన్‌లో ఉంది, ఈ విరుపు ఎర్రక్షరాల్లో ఉంది, మిగతాది తరువాయి పేజీలో ఉంది కాబట్టి నాకు తెలియదు. తెలియదన్న ఆ మాట చెప్పకుండా చేసిన వివరణను మీరు అనుమానించండి, నేనూ అనుమానిస్తాను.

మాస్టారు: వేలు పెట్టి చూపిస్తానన్నప్పుడు నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. రోజూ వేలు పెట్టి చూపించే ఓపిక ఎంతమందికి ఉంటుంది? నాలుగో రోజుకి "ఏదో తుపాను గొడవలే" అని తేల్చేస్తారు. మాటలు చెప్పే అలవాటున్న ఇంట్లో ఆ పిల్లవాడు ఏడాది తిరిగేసరికి తనే అక్షరాలు కూడబలుక్కుంటాడని నా నమ్మకం. సారం చెప్పే ఇంట్లో పదేళ్లయినా ఫోటో పంపమని అడుగుతూనే ఉంటాడు.

సబ్‌ఎడిటర్: కూడబలుక్కోవాలన్న కోరిక పుట్టేది శీర్షికలో ఏదో ఉందని రుచి తెలిసినప్పుడే అని నా నమ్మకం. సీతాకోకచిలుక పాల దగ్గర ఆ రుచి పుట్టదు.

మాస్టారు: ఇందులో మనిద్దరికీ పొత్తు కుదరదు. ఇద్దరం ఒప్పుకునేది ఒకటుంది, అది ఫోటో పంపేవాళ్లకు చెప్పాలి. మడత విప్పి, పేపరు బల్ల మీద పరిచి, పైనుంచి నిటారుగా తీయండి. శీర్షిక ఒక్కటే కత్తిరించి పంపకండి. పైనున్న తేదీ, కిందున్న ఉపశీర్షిక, డేట్‌లైన్, మొదటి పేరా, బొమ్మ కింది వాక్యం అన్నీ చట్రంలో పడాలి. రంగు తీసేయకండి. వార్త లోపలి పేజీకి వెళ్లి ఉంటే ఆ పేజీ కూడా తీసి పంపండి. శీర్షికను మీ గొంతుతో ఒకసారి చదివి, ఆ రికార్డు కూడా ఫోటోతో పాటు పెట్టండి.